ఇటుక గోడకు మాలు ఎంత పడుతుంది? సిమెంటు, ఇసుక లెక్క మొదటి నుంచి చివరి దాకా

"మా గోడకి ఎన్ని బస్తాల సిమెంటు పడుతుంది?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య చెబుతారు. ఒకరు గోడ ఘనపరిమాణంలో ముప్పై శాతం మాలు అంటారు, ఇంకొకరు వెయ్యి ఇటుకలకి ఇన్ని బస్తాలు అని నోటి లెక్క చెప్పేస్తారు. రెండూ కొన్ని గోడలకు సరిపోతాయి, కొన్నిటికి అస్సలు సరిపోవు. ఎందుకంటే మాలు ఎంత పడుతుందో తేల్చేది గోడ సైజు ఒక్కటే కాదు. ఇటుక కొలత, సందు మందం, గోడ మందం, ఇటుక మీదుండే గుంట, చివరికి ఇసుకలో తేమ, ఇవన్నీ కలిసి తేలుస్తాయి.

అందుకే ఒకే గోడను పట్టుకుని మొత్తం లెక్క చేద్దాం. మీ గోడకి అంకెలు మార్చుకుంటే చాలు. అన్నీ మీటర్లలో, లీటర్లలో చేస్తున్నాను. ఒక ఘన మీటరు అంటే 1000 లీటర్లు, లేదా సుమారు 35.3 ఘనపుటడుగులు. ఇది గుర్తుంటే ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు.

## 1. ముందు కొలవండి, తర్వాతే లెక్క

బిల్లు మీద రాసిన ఇటుక సైజు నమ్మకండి. కుప్పలోంచి చేతికందిన పది ఇటుకలు తీసి నేల మీద వరుసగా, సందు లేకుండా ఆనించి పెట్టండి. మొత్తం పొడవు కొలిచి పదితో భాగిస్తే సగటు పొడవు వస్తుంది. వెడల్పుకి, ఎత్తుకి కూడా అలాగే. ఒక్క ఇటుకని కొలిస్తే వచ్చే పొరపాటు ఇందులో చాలా వరకు పోతుంది.

తర్వాత గుంట. ఇటుక పై ముఖంలో ఉండే ఆ పల్లంలో మాలు నిండుతుంది, కానీ చాలామంది లెక్కలో అది ఉండదు. నీళ్ళు పోసి కొలవబోతే ఇటుక పీల్చేస్తుంది. పొడి ఇసుకని గుంటలో పోసి, స్కేలుతో పైన సమంగా గీసేసి, ఆ ఇసుకని కాగితం మీదకి తిరగేసి కొలత గ్లాసులో పోయండి. మన ఉదాహరణలో అది 60 మిల్లీలీటర్లు అనుకుందాం. చూడ్డానికి కొంచెమే, కానీ వెయ్యి ఇటుకలకి అదే 60 లీటర్లు అవుతుంది.

మూడోది సందు. మేస్త్రి "పది మిల్లీమీటర్లే" అని చెప్పినా, ఆయన ఇంతకుముందు కట్టిన గోడ దగ్గర్లో ఉంటే టేపు పట్టి చూడండి. ఒక వరస అడుగు నుంచి పది వరసలు పైకి కొలిచి పదితో భాగించి, అందులోంచి ఇటుక ఎత్తు తీసేస్తే అసలు సందు తెలుస్తుంది.

లెక్క మొదలుపెట్టేముందు చేతిలో ఉండాల్సినవి:

- పది ఇటుకల సగటు పొడవు, వెడల్పు, ఎత్తు
- గుంటలో పట్టే ఇసుక, మిల్లీలీటర్లలో
- సందు మందం, చెప్పింది కాదు, కొలిచింది
- గోడ పొడవు, ఎత్తు, తలుపులు కిటికీల కొలతలు, లింటెల్ సైజు
- సిమెంటు బస్తా బరువు, సంచి మీద చూసి (50 కిలోలే అని అనుకోవద్దు)
- డ్రాయింగులో రాసిన మాలు నిష్పత్తి

మన గోడ ఇది. పొడవు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, తొమ్మిదంగుళాల గోడ అంటే 230 మి.మీ. మందం. ఇటుక 230 × 110 × 75 మి.మీ., సందు 10 మి.మీ. ఒక తలుపు 0.9 × 2.1 మీ., దాని మీద లింటెల్ 1.3 × 0.15 మీ. నిష్పత్తి 1:6.

గోడ ముఖం 12 చదరపు మీటర్లు. తలుపుకి 1.89, లింటెల్‌కి 0.195 తీసేస్తే 9.9 పైచిలుకు మిగులుతుంది. 10 చదరపు మీటర్లు అనుకుందాం, లెక్క సులువు.

## 2. ఇటుకల్ని గోడ ముఖం మీద లెక్కపెట్టండి

సాధారణంగా ఇలా చేస్తారు: ఇటుక మూడు కొలతలకీ తలో 10 మి.మీ. కలిపి, వచ్చిన ఘనపరిమాణంతో గోడ ఘనపరిమాణాన్ని భాగిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఇందులో ఒక మెలిక ఉంది. గోడ మందం వైపు చూడండి. 230 మి.మీ. గోడలో రెండు ఇటుకలు పక్కపక్కన ఉంటాయి, 110 + 10 + 110. అంటే లోపల ఒకే ఒక్క సందు. పై పద్ధతి మాత్రం ప్రతి ఇటుకకీ ఒక సందు చొప్పున రెండు వేసేస్తుంది. ఆ రెండో సందు గోడ బయట గాలిలో ఉంటుంది, అక్కడ మాలు ఎవరూ పెట్టరు. ఫలితంగా ఇటుకలు తక్కువ వస్తాయి, మాలు ఎక్కువ వస్తుంది.

దానికి బదులు ముఖం మీద లెక్కపెట్టండి. పొడవుకి, ఎత్తుకి మాత్రమే సందు కలపాలి, ఎందుకంటే ఆ రెండు దిక్కుల్లోనే ఇటుక తర్వాత సందు, సందు తర్వాత ఇటుక వరుసగా వస్తూ పోతాయి.

```
1 చ.మీ. ముఖానికి = 1 / (0.240 × 0.085) = 49.02 ఇటుకలు
230 మి.మీ. గోడకి = 49.02 × 2 = 98.04 ఇటుకలు
10 చ.మీ.కి       = 980 ఇటుకలు
```

"మా మేస్త్రి ఒక వరస పొడవుగా, ఒక వరస అడ్డంగా పెడతాడు కదా, అప్పుడు మారదా?" అనొచ్చు. మారదు. అడ్డంగా పెట్టిన ఇటుక ముఖం మీద 110 + 10 = 120 మి.మీ. ఆక్రమిస్తుంది కానీ గోడ మందం మొత్తం అదొక్కటే నింపుతుంది. 1 / (0.120 × 0.085) కూడా అదే 98. ఇటుక పొడవు సరిగ్గా రెండు వెడల్పులు ప్లస్ ఒక సందు ఉంటేనే ఇలా కుదురుతుంది. మీ ఇటుక అలా లేకపోతే కొంచెం తేడా వస్తుంది.

విరిగేవాటి కోసం ఇటుకలు కొన్ని ఎక్కువ తెప్పించుకోవాలి, కానీ ఆ అదనాన్ని మాలు లెక్కలోకి తేకండి. విరిగిన ఇటుక గోడలోకి వెళ్ళదు.

## 3. తడి మాలు ఎంత?

గోడలో ఇటుక లేని చోటంతా మాలే.

```
గోడ   = 10 × 0.23                          = 2.30 ఘ.మీ.
ఇటుకలు = 980 × 0.230 × 0.110 × 0.075 = 1.86 ఘ.మీ.
సందుల్లో మాలు = 2.30 - 1.86               = 0.44 ఘ.మీ.
గుంటల్లో మాలు = 980 × 0.06 లీ. = 59 లీ.  = 0.06 ఘ.మీ.
మొత్తం                                     = 0.50 ఘ.మీ.
```

దీనికి వృథా కలపాలి. తాపీ మీంచి జారేది, గోడ పక్కన పడేది, తట్టకి అంటుకుపోయేది, సాయంత్రం గట్టిపడి పారేసేది. నేను 10 శాతం వేస్తాను. ఇటుకలు వంకరగా ఉంటే 15 వేయండి, ఎందుకంటే వంకర ఇటుకని లెవెల్‌కి తేవడానికి కింద మాలు మందం పెంచక తప్పదు. మన గోడకి 0.50 × 1.10 = 0.55 ఘన మీటర్లు, అంటే 550 లీటర్ల తడి మాలు. ఇటుకకి సుమారు 0.56 లీటరు. ఈ అంకె ఒక మూల రాసిపెట్టుకోండి, పని మొదలయ్యాక చాలా పనికొస్తుంది.

ఇదే గోడకి ముప్పై శాతం సూత్రం వాడితే 690 లీటర్లు వస్తుంది, అంటే పాతిక శాతం ఎక్కువ.

ఇక సందు మందం సంగతి. వరసల మధ్య అడ్డ సందు 10 నుంచి 15 మి.మీ.కి పెరిగిందనుకోండి. చూపుకి పెద్ద తేడా తెలియదు, ప్లాస్టరింగ్ అయ్యాక అసలు కనపడదు. కానీ లెక్క వేస్తే సందుల్లో పట్టే మాలు 440 లీటర్ల నుంచి 543కి పోతుంది, దాదాపు నాలుగో వంతు ఎక్కువ. ఇటుకలు మాత్రం 980 నుంచి 926కి తగ్గుతాయి. మాలు మీద ఇంతగా పనిచేసేది ఈ లెక్కలో ఇంకోటి లేదు. నిష్పత్తి గురించి గంటలు వాదించుకునేవాళ్ళు సందు మీద ఒకసారి కూడా టేపు పెట్టరు, అదే నాకు ఆశ్చర్యం.

## 4. తడి మాలు నుంచి పొడి సరుకుకి: 1.33 సంగతి

ఏడు బకెట్ల పొడి సరుకు కలిపి నీళ్ళు పోస్తే ఏడు బకెట్ల మాలు రాదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి సిమెంటు దూరుతుంది, నీళ్ళు పడగానే గాలి బయటికి పోయి ఇసుక సర్దుకుంటుంది. అందుకే తడి మాలుని 1.33తో గుణించి పొడి సరుకు ఎంతో తీస్తారు.

```
పొడి సరుకు = 0.55 × 1.33 = 0.73 ఘ.మీ.
```

కాంక్రీటుకి వాడే 1.54ని ఇక్కడ పెట్టేయడం మామూలుగా జరిగే తప్పు. అందులో కంకర ఉంటుంది, ఖాళీలు ఎక్కువ. మాలుకి అది వర్తించదు.

1.33 కూడా రాతిమీద చెక్కిన అంకె కాదు. 1:4 లాంటి మాలుకి బాగా దగ్గరగా ఉంటుంది, 1:6కి మాత్రం కాస్త ఎక్కువే, అక్కడ 1.2 నుంచి 1.25 దగ్గర తేలడం మామూలే. సరుకు తెప్పించేటప్పుడు ఎక్కువ ఉండటమే మంచిది కాబట్టి 1.33నే ఉంచుతాను. పెద్ద పని అయితే మీ ఇసుకతోనే చూసుకోండి. ఒక చిన్న డబ్బాతో ఒక వంతు సిమెంటు, ఆరు వంతుల పొడి ఇసుక కలిపి, తాపీకి సరిపడే పదునులో నీళ్ళు పోసి, వచ్చిన మాలుని అదే డబ్బాతో కొలవండి. ఏడు డబ్బాలకి ఐదున్నర వచ్చిందంటే మీ అంకె 7 / 5.5 = 1.27.

## 5. నిష్పత్తితో పంచడం

1:6 అంటే ఒక వంతు సిమెంటు, ఆరు వంతుల ఇసుక, మొత్తం ఏడు. ఆరుతో భాగించేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త. ఈ వంతులు కొలతలో, బరువులో కాదు.

```
సిమెంటు = 0.73 / 7     = 0.104 ఘ.మీ.
బరువు   = 0.104 × 1440 = 150 కిలోలు = 50 కిలోల బస్తాలు 3
ఇసుక    = 0.73 × 6 / 7 = 0.626 ఘ.మీ. = 22 ఘనపుటడుగులు
```

1440 అనేది ఒక ఘన మీటరు సిమెంటు బరువుగా లెక్కల్లో తీసుకునే అంకె. దాని ప్రకారం 50 కిలోల బస్తా అంటే సుమారు 35 లీటర్లు. బస్తా 25 కిలోలదైతే పదిహేడున్నర లీటర్లు, అంతే.

అదే గోడకి నిష్పత్తి మారిస్తే ఏమవుతుందో చూడండి:

| నిష్పత్తి | సిమెంటు | 50 కిలోల బస్తాలు | పొడి ఇసుక |
|---|---|---|---|
| 1:4 | 210 కిలోలు | 4.2 | 0.58 ఘ.మీ. |
| 1:5 | 175 కిలోలు | 3.5 | 0.61 ఘ.మీ. |
| 1:6 | 150 కిలోలు | 3 | 0.63 ఘ.మీ. |

ఇసుక కాలమ్ చూడండి, పెద్దగా కదల్లేదు. కదిలింది సిమెంటే. కాబట్టి నిష్పత్తి ఇంకా తేలకపోయినా ఇసుక తెప్పించేయొచ్చు, సిమెంటుకి మాత్రం ఆగాలి. తొమ్మిదంగుళాల గోడకి 1:6, నాలుగున్నర అంగుళాల గోడకి 1:4 వాడటం మామూలు పద్ధతి. డ్రాయింగులో వేరేది రాసి ఉంటే అదే వాడండి, మీరు మార్చకండి.

## 6. ఇసుక తడిగా ఉంటే లెక్క ఎక్కడ చెడుతుంది

పైన వచ్చిన 0.626 పొడి ఇసుక. కుప్పలో ఉండే ఇసుక దాదాపు ఎప్పుడూ తేమగానే ఉంటుంది. తేమ ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ పల్చటి నీటి పొర చేరి వాటిని ఒకదాన్నొకటి ఆననివ్వదు, దాంతో అదే ఇసుక ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఐదు శాతం తేమ దగ్గర ఇరవై, ముప్పై శాతం ఉబ్బడం మామూలే, సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువ. పూర్తిగా నీళ్ళలో మునిగితే మళ్ళీ పొడి ఇసుక కొలతకే దిగిపోతుంది. పరీక్షకి ఆసరా కూడా ఈ గుణమే.

1. నిటారు గోడలున్న గాజు పాత్ర లేదా పారదర్శకమైన డబ్బా తీసుకోండి. కుప్ప మధ్యలోంచి తీసిన తేమ ఇసుకని నొక్కకుండా 200 మి.మీ. ఎత్తు వరకు పోయండి.
2. ఇసుకని ఒక పళ్ళెంలోకి తీసేసి, డబ్బాలో సగం దాకా నీళ్ళు పోయండి.
3. ఇసుకని కొంచెం కొంచెంగా నీళ్ళలో వేస్తూ పుల్లతో కలపండి. బుడగలు ఆగాక కాసేపు వదిలేయండి.
4. తేరుకున్నాక ఇసుక ఎత్తు కొలవండి.

160 మి.మీ. దగ్గర ఆగిందనుకోండి. 200 / 160 = 1.25, అంటే ఉబ్బు 25 శాతం. తెప్పించాల్సిన ఇసుక 0.626 × 1.25 = 0.78 ఘన మీటర్లు, సుమారు 28 ఘనపుటడుగులు. 22 అనుకుని తెప్పిస్తే చివరి వరసలు మిగిలిపోగానే ఇసుక అయిపోతుంది, అప్పుడు "లారీవాడు తక్కువ పోశాడు" అంటాం.

కలిపే చోట తప్పితే ఇంకో రకం నష్టం. ఆరు పెట్టెల తేమ ఇసుక పోస్తే అందులో నిజమైన ఇసుక 6 / 1.25 = 4.8 పెట్టెలే. కాగితం మీద 1:6, గోడలో 1:4.8. మూడు బస్తాలతో అయ్యే గోడ మూడున్నర దాటి తింటుంది. మాలు మెరుగ్గానే ఉంటుంది, జేబుకే చిల్లు. కొలతలో ఆ ఉబ్బుకి తగ్గట్టు ఇసుక పెంచాలి: ఒక పెట్టె సిమెంటుకి ఏడున్నర పెట్టెల తేమ ఇసుక. వాన పడిన మర్నాడు, ఎండ కాసిన మూడో రోజు ఈ అంకె ఒకటి కాదు, మళ్ళీ చూసుకోవాలి. పది నిమిషాల పని.

## 7. కలిపే చోట

పారలతో కొలవకండి. ఒక పార ఇసుక కుప్పగా వస్తుంది, ఒక పార సిమెంటు జారిపోయి సగమే వస్తుంది, సాయంత్రానికి చెయ్యి అలిసిపోయి పార ఇంకా చిన్నదవుతుంది. లోపలి కొలతలు 40 × 35 × 25 సెం.మీ. ఉండేలా అడుగున్న చెక్క పెట్టె ఒకటి చేయించుకోండి. సరిగ్గా 35 లీటర్లు, అంటే ఒక 50 కిలోల బస్తాకి ఒక వంతు. ఇసుకని నొక్కకుండా నింపి పైన చెక్కతో గీసేయాలి.

సిమెంటుని మాత్రం పెట్టెలో పోసి కొలవకండి. బస్తా విప్పి పోస్తే సిమెంటు గాలి పట్టి పొంగుతుంది, పెట్టె నిండినా 50 కిలోలు ఉండవు. పూర్తి బస్తా లెక్కే నమ్మకం. భాగం కావాలంటే తూకం వేయండి.

ఒకేసారి ఎంత కలపాలి? నీళ్ళు పోసిన రెండు గంటల్లో మాలు అయిపోవాలి. ఒక బస్తా 1:6 మాలు 35 × 7 / 1.33, సుమారు 184 లీటర్లు. ఇటుకకి 0.56 లీటరు చొప్పున 325 ఇటుకలకి వస్తుంది. ఒక్క మేస్త్రి రెండు గంటల్లో 110 ఇటుకలు పెడతాడనుకుంటే బస్తాలో మూడో వంతు మాలే సరిపోతుంది. బస్తా మొత్తం ఒకేసారి కలిపేస్తే మూడింట రెండు వంతులు ఆయన కోసం ఎదురుచూస్తూ బిగుసుకుంటాయి. అప్పుడు దాని మీద ఇన్ని నీళ్ళు చల్లి మళ్ళీ మెత్తబరుస్తారు. చూడ్డానికి మెత్తగా అవుతుంది కానీ పట్టు పోతుంది. పొడిగా కలిపి ఉంచి, కావాల్సినంతకే నీళ్ళు పోసుకుందాం అనుకున్నా ఇసుకలో తేమ ఉంది కదా, అది సిమెంటుతో పని మొదలుపెట్టేస్తుంది. అలా రాత్రంతా ఉంచకండి.

కలిపేముందు చూసుకోవాల్సినవి:

- ఇసుక జల్లించారా? రాళ్ళుంటే సందు మందం పెరుగుతుంది.
- ఈరోజు ఇసుక ఉబ్బు ఎంత, దానికి ఎన్ని పెట్టెలు?
- ఇటుకలు ముందే తడిపారా? ఎండిన ఇటుక మాలులో నీళ్ళు లాగేస్తుంది.
- గుంట పైకి ఉండేలా పెడుతున్నారా? కిందకి పెడితే గుంట ఖాళీగా మిగిలిపోతుంది.
- నీళ్ళు పోసిన టైము ఎవరైనా రాస్తున్నారా?

## 8. నాలుగున్నర అంగుళాల గోడ అయితే

అదే 10 చదరపు మీటర్లు, మందం 110 మి.మీ. ఇటుకలు 490. గోడ 1.10 ఘన మీటర్లు, ఇటుకలు 0.93, సందుల్లో 0.17, గుంటల్లో 0.03, మొత్తం 0.20. వృథాతో 0.22, పొడి సరుకు 0.29. నిష్పత్తి 1:4 అయితే ఐదు వంతులు: సిమెంటు 84 కిలోలు, అంటే ఒక బస్తా పూర్తిగా, రెండో బస్తాలో ముప్పావుకి కాస్త తక్కువ పడుతుంది. పొడి ఇసుక 0.23 ఘన మీటర్లు.

ఇక్కడ ముప్పై శాతం సూత్రం 0.33 అంటుంది, నిజం కన్నా సగం ఎక్కువ. మందం వైపు సందే లేదు కాబట్టి సన్న గోడలో మాలు వాటా పడిపోతుంది. ఒకే శాతాన్ని రెండు గోడలకీ వాడకూడదనేది ఇందుకే.

## 9. పని మొదలయ్యాక లెక్క తప్పుతుంటే

మొదటి బస్తా అయిపోయేసరికి ఎన్ని ఇటుకలు పెట్టారో లెక్కపెట్టండి. మన తొమ్మిదంగుళాల గోడలో 325 దగ్గర ఉండాలి. ఇరవై ముప్పై అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు.

260 దగ్గరే బస్తా అయిపోతే ముందు పది వరసల ఎత్తు కొలవండి. 850 మి.మీ. ఉండాలి. 890, 900 చూపిస్తే కారణం దొరికినట్టే, సందు మందం పెరిగింది. ఎత్తు సరిగ్గానే ఉంటే ఇసుక ఉబ్బు మర్చిపోయారేమో చూడండి. అదీ కాకపోతే గోడ కింద చూడండి. పడిన మాలు అట్టకట్టి ఉంటే వృథా 10 శాతం దాటింది. గోడ వెంట ఒక పట్టా పరిస్తే పడిన మాలుని తాజాగా ఉన్నప్పుడే ఎత్తి వాడుకోవచ్చు.

400 ఇటుకలు దాటినా బస్తా ఇంకా మిగిలే ఉంటే సంతోషపడకండి, నాకైతే ఇదే ఎక్కువ టెన్షన్. ఒకసారి మా ప్రహరీ గోడకి లెక్క కన్నా సిమెంటు బాగా మిగిలింది, మేస్త్రిని మెచ్చుకున్నాను కూడా. మర్నాడు ఒక మూల వరస మార్చాల్సి వచ్చి నాలుగు ఇటుకలు ఊడదీస్తే, నిలువు సందుల్లో బయటివైపు రెండు వేళ్ళ వెడల్పు మాలు, వెనక అంతా ఖాళీ. ఇటుక చివర మాలు పూయకుండా పక్కన ఆనించేసి, తర్వాత ముందు నుంచి తాపీ అంచుతో కూరేశాడు. లోపలి సందు, అదే రెండు ఇటుకల మధ్య నిలువునా పోయేది, అందులోనూ చాలా చోట్ల గాలే ఉంది.

ఇది గోడ పూర్తయ్యాక కనిపెట్టడం కష్టం. మాలు పచ్చిగా ఉన్నప్పుడు అప్పుడే పెట్టిన ఇటుకని ఒకటి ఎత్తి చూడండి. అడుగు ముఖం, గుంట, చివర, లోపలి పక్క అన్నిటికీ మాలు అంటుకుని ఉండాలి. ఎక్కడైనా ఇటుక ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తే అక్కడ మాలు పడలేదు. ఎత్తిన ఇటుకని అలాగే తిరిగి పెట్టకండి, పాత మాలు గీకేసి కొత్తది వేసి పెట్టించండి. రోజుకి రెండు మూడు చోట్ల, చెప్పకుండా, ఇలా చూస్తే చాలు. రెండో బస్తా 325 దగ్గరికి దానంతట అదే వచ్చేస్తుంది.